ఇరవై నిమిషాలు ఇవ్వగలరా?

చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో యాసంగి వచ్చిందంటే ఆడమగ వరి కనిపిస్తుంది. కొన్ని సాళ్లు ఆడవి, కొన్ని సాళ్లు మగవి. పూత మీదున్నప్పుడు మగ సాళ్ల పుప్పొడి ఆడ సాళ్ల మీద పడేలా పొద్దున పూట తాడు లాగుతారు. హైబ్రిడ్ విత్తనం అట్లా తయారవుతుంది. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పంట కోసి, ఆరబెట్టి, విత్తనం అప్పజెప్పినంత మాత్రాన రైతు చేతికి పైసలు రావు. మొలక శాతం రావాలి, కేళీలు ఎన్ని ఉన్నాయో తేలాలి. పరీక్షలో నెగ్గితే అది విత్తనం. నెగ్గకపోతే మామూలు వడ్లు, మామూలు వడ్ల ధర. అందుకే కంపెనీ నుంచి వచ్చే ఫలితం మెయిల్ కోసం ఆర్గనైజర్ ఆఫీసులో అందరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు.

అలాంటి ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసే ఒకామె రాసిన మెయిల్ గురించి ఈ వ్యాసం. ఆమె, ఆమె సార్ ఇద్దరూ ఒప్పుకున్నాకే దీన్ని రాస్తున్నాను. పేర్లు, కంపెనీ వివరాలు తీసేశాను. మొత్తం పదిహేను, పదహారు వాక్యాలు. ముదిరిపోతున్న తగువును కాగితం మీది నుంచి ఫోన్ మీదికి మార్చమని అడిగిన మెయిల్ అది. చాలా ఏళ్లుగా రకరకాల ఆఫీసుల ఉత్తరాలు చూస్తున్నాను. ఇంత చిన్న పనిని ఇంత శ్రద్ధగా చేసినవాళ్లు నాకు తక్కువమందే ఎదురయ్యారు.

ముందు జరిగింది చెప్తాను. మే నెలలో రెండు లాట్ల శాంపిళ్లు పోయాయి. జూన్‌లో కంపెనీ నాణ్యత విభాగం అధికారి నుంచి మెయిల్ వచ్చింది. ఒక లాట్ మొలక 74 శాతం, ఇంకోటి 69. వరి విత్తనానికి కనీసం 80 ఉండాలి. ఆ మెయిల్ చివర ఒక వాక్యం ఉంది: ‘రైతులు సరిగా ఆరబెట్టకపోవడం వల్లనే ఇలా జరిగినట్టుంది.’ ఆర్గనైజర్ ఆ వాక్యం చూసి ఉండబట్టలేక వెంటనే జవాబు రాశాడు: ‘మా రైతుల తప్పు లేదు. శాంపిల్ తీసింది మీ మనుషులే.’ మర్నాడు అధికారి నుంచి మూడో మెయిల్ వచ్చింది. అందులో మొలక గురించి ఒక్క ముక్క లేదు. ‘మా సిబ్బందిపై ఇలాంటి ఆరోపణలు చేయడం తగదు’ అని ఉంది. కాపీలో ఆయన పై అధికారి పేరు కొత్తగా చేరింది.

ఆర్గనైజర్ కుర్చీ వెనక్కి జరిపి, ఆమెను పిలిచి అన్నాడట: “బిడ్డా, దీనికి నువ్వే రాయి. నేను రాస్తే ఇంకింత మండుతది.”

ఆమె వెంటనే రాయలేదు. మూడు మెయిళ్లనూ వరుసగా పెట్టుకుని చదివింది. తనకు మూడు గుర్తులు కనబడ్డాయని తర్వాత నాకు చెప్పింది. మొదటిది, ఆఖరి మెయిల్ జవాబిచ్చింది విషయానికి కాదు, ఒక మాటకు. మొలక పోయింది, ‘మీ మనుషులే’ అన్న మాట మిగిలింది. రెండోది, కాపీలో కొత్త మనిషి చేరడం. ఇక అధికారి తమతో మాట్లాడుతూనే తన పై అధికారికి వినిపించేలా కూడా మాట్లాడాలి. అట్లాంటప్పుడు ఎవరూ తగ్గరు. ఈ రెండు గుర్తులూ కొంచెం అనుభవం ఉన్న ఎవరికైనా తెలుస్తాయి. మూడోది మాత్రం ఆమె సొంత చూపు. నేను ఆగిపోయింది అక్కడే.

ఆమె దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కొత్తగా కోసిన వడ్లకు కొన్నాళ్లు నిద్ర ఉంటుంది. గింజ బతికే ఉంటుంది, కానీ వెంటనే మొలవదు. వారాలు గడిచేకొద్దీ ఆ నిద్ర తీరుతుంది. అందుకే ప్రయోగశాలల్లో కొత్త వడ్లను పరీక్షించే ముందు 50 డిగ్రీల వేడిలో కొన్ని రోజులు ఉంచడమో, నానబెట్టడమో చేసి నిద్ర వదిలిస్తారు. తర్వాత 400 గింజలను మొలకకు పెట్టి 14వ రోజున ఆఖరి లెక్క తీస్తారు. మొలవని గింజల్లో కుళ్లినవి వేరు, గట్టిగా తాజాగా ఉండిపోయినవి వేరు. కుళ్లితే చచ్చినట్టు. తాజాగా ఉంటే నిద్రలో ఉన్నట్టు. కాబట్టి ఆమె ప్రశ్న ఇది: మొలవని ఆ 26 శాతంలో కుళ్లినవెన్ని, నిద్రలో ఉన్నవెన్ని? పరీక్షకు ముందు నిద్ర వదిలించారా?

ఆ ప్రశ్నను మెయిల్‌లో నాలుగు రకాలుగా రాసి చూసిందట. ‘నిద్ర వదిలించారా?’ అని రాస్తే, ‘మీ పని మీకు తెలుసా?’ అన్నట్టుంది. ‘దయచేసి నిద్ర వదిలించారో లేదో తెలుపగలరు’ అంటే నోటీసులా ఉంది. ‘తెలుసుకుందామని మాత్రమే అడుగుతున్నాను’ అని కలిపితే వెటకారంలా ఉంది. ‘మీరు తప్పక చేసే ఉంటారు, అయినా’ అంటే ఇంకా అన్యాయం. నాలుగోసారి చెరిపేశాక ఆమె తేల్చుకుంది. ఈ ప్రశ్నను నింద కాకుండా రాసే దారి ఈ వేడిలో లేదు. అదే ఆ మూడో గుర్తు. నోటితో అడిగితే మామూలు ప్రశ్నే. నేను నేర్చుకున్న కొలత ఇదే: అడగవలసిన ప్రశ్నను ఎన్ని విధాల రాసినా అది ఆరోపణగానే చదవబడుతుంటే, ఇక ఫోన్ చేయాల్సిన సమయం వచ్చినట్టు.

ఇది ఆమె ఒక్కదాని అనుమానం కాదు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు తమ తోటివారితో కలిసి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని వాక్యాలను మెయిల్‌లోనో గొంతుతోనో అవతలివాళ్లకు అందించారు. అది మామూలుగా అన్న మాటా, వెటకారమా అన్నది అవతలివాళ్లు పోల్చుకోవాలి. రెండు పద్ధతుల్లోనూ పంపినవాళ్లు నూటికి 78 సార్లు తమ భావం అందుతుందనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు సుమారు 73 సార్లు అందింది. మెయిల్‌లో 56 సార్లే. రెండింటిలో ఒకటి గుడ్డిగా ఎంచుకున్నా 50 సార్లు సరిపోతుంది కదా. అంటే మెయిల్‌లో స్వరం దాదాపు పోయినట్టే. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో వినిపిస్తూ ఉంటుంది గనక ఆ సంగతి మనకు తెలియదు. ఆర్గనైజర్ కూడా ‘మీ మనుషులే’ అని రాసినప్పుడు మనసులో మామూలుగానే అనుకున్నాడట, ‘మీవాళ్లను ఒకసారి అడగండి’ అన్నట్టుగా.

ఇక ఆమె రాసిన మెయిల్.

‘విషయం: రెండు లాట్ల మొలక ఫలితం, ఒకసారి ఫోన్‌లో మాట్లాడవచ్చా?

నమస్తే సార్.

నిన్న మీరు పంపిన మెయిల్ చదివాం. శాంపిల్ గురించి మేం రాసిన మాట మీ సిబ్బందిని తప్పుపట్టినట్టు ఉంది. మా ఉద్దేశం అది కాదు. కానీ అట్లా చదవడానికి వీలున్నట్టు రాసింది మేమే, మన్నించండి.

రెండు సంగతులు మాట్లాడుకుంటే తొందరగా తేలతాయని అనిపిస్తోంది. ఒకటి, శాంపిల్ తీసిన నాటికి కుప్పలు ఏ స్థితిలో ఉన్నాయో మేం చెప్తాం. రెండోది, మొలవని గింజల వివరం మీ దగ్గర తెలుసుకోవాలి. ధర, కోత గురించి ఈ ఫోన్‌లో అడగం.

బుధవారం ఉదయం 11 గంటలకు గానీ, గురువారం సాయంత్రం 4 తర్వాత గానీ ఇరవై నిమిషాలు ఇవ్వగలరా? వేరే సమయం మీకు అనువైతే అదే చెప్పండి. మా వైపు సార్, నేను ఇద్దరమే ఉంటాం.

ఈ మెయిల్ మీకొక్కరికే పంపుతున్నాను. మాట్లాడుకున్నది అదే రోజు రాసి, కాపీలో ఉన్న అందరికీ పంపుతాను. పంపే ముందు మీకు చూపిస్తాను. ఫోన్ వీలుకాకపోతే మొలవని గింజల వివరం మెయిల్‌లో రాసినా మాకు సంతోషమే.’

ఈ మెయిల్‌ను కొంచెం దగ్గరగా చూద్దాం. ‘ఒకసారి కాల్ చేయండి’ అన్న రెండు ముక్కల మెసేజ్ వస్తే మనందరికీ ఏమవుతుందో తెలుసు. గుండె గుభేలుమంటుంది. ఎందుకో తెలియదు, ఏమడుగుతారో తెలియదు, ఎవరెవరు వింటున్నారో తెలియదు. మెయిల్‌లో అయితే ఆలోచించుకుని జవాబు రాసుకోవచ్చు, ఫోన్‌లో ఆ గడువు ఉండదు. అందుకే గొడవలో ఉన్న మనిషికి ఫోన్ అంటే దొరికిపోతామన్న భయం ఉంటుంది. ఆమె పని అంతా ఆ భయాన్ని తీయడానికే. ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క భయానికి జవాబు.

ఎందుకో తెలియని భయానికి, రెండు సంగతులని లెక్క చెప్పి, ఏమిటో చెప్పింది. తాము చెప్పేది ఒకటి, తాము అడిగేది ఒకటి. ముందు చెప్పేది పెట్టింది, తర్వాత అడిగేది. ‘నిద్ర’ అన్న మాట మాత్రం మెయిల్‌లోకి రానివ్వలేదు. ‘మొలవని గింజల వివరం’ అంది. ఆ పని తెలిసిన అధికారికి ఆ మాట చాలు. ఫోన్ ఎత్తేలోపు రిపోర్టు తీసి పక్కన పెట్టుకుంటాడు. సిద్ధం కావడానికి ఆయనకు వీలిచ్చింది, తప్పు చేసినట్టు మాత్రం రాయలేదు.

ఇంకేం అడుగుతారోనన్న భయానికి ఆమె రాసిన జవాబు నాకు అన్నిటికంటే నచ్చింది: ‘ధర, కోత గురించి ఈ ఫోన్‌లో అడగం.’ నిజానికి ఆఫీసులో అందరి మనసులో ఉన్నది ధరే. కానీ ధర మీద మాట ఇచ్చే అధికారం నాణ్యత చూసే అధికారికి ఉండదు. అది అడిగితే ఆయన ఇరుకున పడతాడు, ఇరుకున పడ్డ మనిషి రిపోర్టు విప్పడు. ఏది మాట్లాడతామో చెప్పడం చాలామంది చేస్తారు. ఏది మాట్లాడమో ముందే రాసి, దానికి కట్టుబడటం అరుదు. ఫోన్ మధ్యలో ఆర్గనైజర్ ధర దగ్గరకు వెళ్లబోతే ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి ఆపిందట.

సమయం విషయం చూడండి. ‘మీకు ఎప్పుడు వీలు?’ అని వదిలేస్తే పని అవతలివాడి మీద పడుతుంది, అది రోజుల తరబడి సాగుతుంది. ‘రేపు 11కు చేస్తాం’ అంటే హుకుం. రెండు సమయాలు చెప్పి, మూడో దానికి తలుపు తెరిచి ఉంచింది. మెయిల్‌కూ ఫోన్‌కూ మధ్య ఒక రోజు ఎడం కూడా వదిలింది, వేడి తగ్గడానికి. ఇరవై నిమిషాలు అని కొలత చెప్పడం కూడా మర్యాదే. అంతకంటే ఎక్కువైతే అది విచారణ.

కాపీ సంగతి ఇంకా సున్నితం. పై అధికారిని చడీచప్పుడు లేకుండా కాపీ నుంచి తీసేస్తే చాటుమాటు వ్యవహారంలా ఉంటుంది. ఉంచితే అధికారి మళ్లీ పై అధికారికి వినిపించేలానే రాస్తాడు. ఆమె తీసేసింది, తీసేసినట్టు చెప్పింది, తిరిగి ఎప్పుడు కలుపుతుందో కూడా చెప్పింది. ఇక మిగిలింది క్షమాపణ. ‘మా మాట మీకు బాధ కలిగిస్తే’ అని రాయలేదు. ఆ ‘అయితే’, ‘ఉంటే’ల మధ్య క్షమాపణ చచ్చిపోతుంది. ‘అట్లా చదవడానికి వీలున్నట్టు రాసింది మేమే’ అంది. ఆ వాక్యంలో ఆమె ఒప్పుకున్నది రాసిన తీరును మాత్రమే. శాంపిల్ గురించి తమ వాదనను ఒక్క గింజంత కూడా వదులుకోలేదు.

అధికారి గురువారం ఒప్పుకున్నాడు. ఆయన ఫోన్‌లో మొదట అన్న మాట ‘రిపోర్టు నా ముందే ఉంది’ అట. కుప్పల స్థితి వీళ్లు చెప్పారు. మొదటి లాట్ కోసిన వారంలోనే శాంపిల్ పోయింది. రెండో లాట్ కల్లంలో వానకు తడిసింది, ఆ సంగతి దాచలేదు. ఆమె గింజల వివరం అడిగింది. మొదటి లాట్‌లో మొలవనివి చాలావరకు తాజాగానే ఉన్నాయి. రెండోదాంట్లో కుళ్లినవే ఎక్కువ. నిద్ర మాట చివరికి ఎత్తింది అధికారే: ‘దీన్ని ఇంకోసారి వేడిలో ఉంచి చూడాలమ్మా.’ నాలుగుసార్లు రాసి చెరిపిన ప్రశ్నను అడగాల్సిన అవసరమే ఆమెకు రాలేదు.

ఫోన్ పెట్టేసిన గంటలో ఆమె రాసిన మెయిల్ ఇది: ‘ఈ రోజు మాట్లాడుకున్నది మేం అర్థం చేసుకున్నట్టు రాస్తున్నాను. మొదటి లాట్‌కు మళ్లీ మొలక పరీక్ష చేస్తామన్నారు, ఫలితానికి మూడు వారాలు పట్టవచ్చన్నారు. రెండో లాట్ ఫలితం మారదు. ధర గురించి మాట్లాడలేదు. నేను తప్పు విన్నది ఉంటే దిద్దండి.’ ఆయన ‘మూడు’ను ‘నాలుగు’ చేసి పంపాడు. అప్పుడు అది అందరికీ వెళ్లింది. ఈ మెయిల్ లేకపోతే ఆ ఫోన్‌కు విలువ సగమే. అధికారి బదిలీ అయితే, ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. మనసులు తేటపడటానికి ఫోన్, ఒప్పందం నిలవడానికి మళ్లీ మెయిల్. రెండింటినీ ఆమె ఎక్కడికక్కడ వాడింది.

నాలుగు వారాల తర్వాత మొదటి లాట్ 86 శాతం వచ్చింది. రెండోది వడ్ల లెక్కకే పోయింది. ఆ రైతు ఇంటికి ఆర్గనైజర్ స్వయంగా వెళ్లి, రిపోర్టులో ఏముందో విప్పి చెప్పాడు. అది ఫోన్‌లో కూడా చెప్పగూడని కబురు.

ఈ పనితనానికి హద్దులు ఉన్నాయని ఆమెకూ తెలుసు. రాత మనిషిని కాపాడే చోట ఫోన్‌కు మారకూడదు. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలంటుంది. అలాంటి సంగతిలో ‘ఇదంతా ఎందుకమ్మా, ఒకసారి ఫోన్ చెయ్యి’ అని ఎవరైనా అంటే అది మర్యాదగా తోచినా, ఫిర్యాదు చేసినామె చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ జారవిడిపించడమే. బాకీ, జీతం, కాంట్రాక్టు మీద పైచేయి ఉన్నవాళ్లు ఏ సంగతో చెప్పకుండా ఫోన్‌కే రమ్మంటే, ‘తప్పకుండా మాట్లాడదాం సార్, ఏ సంగతులో రెండు ముక్కలు రాస్తే కాగితాలు దగ్గర పెట్టుకుంటాను’ అని జవాబివ్వవచ్చు. అందులో కాదనడం లేదు, లొంగడమూ లేదు.

ఇంకో హద్దు మా ప్రాంతం వాళ్లకు బాగా తెలిసింది. మా దిక్కు ఇంటికొకరు అన్నట్టు దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్లున్నారు. అక్కడ ఒక్క గదిలో ఆరేడుగురు ఉంటారు. అప్పు గురించో, ఇంట్లో గొడవ గురించో నేరుగా ఫోన్ చేస్తే, ఇక్కడివాళ్లు ఒంటరిగా మాట్లాడుతున్నామనుకుంటారు, అక్కడ ఆ మనిషి అందరి ముందూ ‘ఆ, ఆ’ అంటూ నలిగిపోతుంటాడు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ ఏడున్నర, డ్యూటీ నుంచి వచ్చి వంట దగ్గర అందరూ ఉండే వేళ. ‘ఒక సంగతి మాట్లాడాలె. కంగారు పడకు, అందరం మంచిగున్నం. నువ్వొక్కనివే ఉన్నప్పుడు చెప్పు, చేస్త’ అని ముందు రాస్తే చాలు. ఆమె మెయిల్‌లో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి. భయం తీశాం, సమయం అవతలివారి చేతికి ఇచ్చాం, వినేవాళ్లెవరో ఆయనే ఎంచుకునేలా చేశాం.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని ఆమెను అడిగాను. కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు తన తాత ఏదైనా తగువు మీద పంచాయితీకి పోయేముందు ఒకరిని పంపేవాడని చెప్పింది. వెళ్లినవాడు చెప్పి రావాల్సింది మూడే మాటలట: ఎందుకు వస్తున్నాం, ఎవరెవరం వస్తున్నాం, ఏ సంగతి ఎత్తం. “గది తెలిస్తే ఎదుటోళ్లు కుర్చీలేసి పెడుతరు సార్” అంది. ఆ అధికారి రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చోవడం నాకు గుర్తొచ్చింది.